బటన్‌కీ తెరకీ మధ్య జారిపోయే క్షణాలు

స్ట్రీట్ ఫైటర్ 6లో డ్రైవ్ ఇంపాక్ట్ అని ఒక దెబ్బ ఉంది. హెవీ పంచ్, హెవీ కిక్ రెండూ కలిపి నొక్కగానే పాత్ర చుట్టూ రంగులు చిమ్ముతాయి, అది ఒక్క ఊపున ముందుకు దూసుకొస్తుంది. మధ్యలో ఒకటి రెండు దెబ్బలు తగిలినా ఆగదు. గోడకు వీపు ఆనేంత వెనక్కి వెళ్లిపోయిన ఆటగాడు దాన్ని కాచుకున్నా లాభం లేదు, గోడకు కొట్టుకుని కాసేపు కదల్లేకుండా పోతాడు. అందుకే చాలామంది వాడే విరుగుడు ఏమిటంటే, అది వచ్చి తగిలేలోగా తామూ అదే దెబ్బ తిరిగి కొట్టడం.

మొదలైన దగ్గర్నుంచి తగిలే దాకా ఆ దెబ్బకు 26 ఫ్రేములు పడుతుంది. ఈ ఆట సెకనుకు 60 ఫ్రేముల చొప్పున నడుస్తుంది కాబట్టి ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. 26 ఫ్రేములంటే 433 మిల్లీసెకన్లు, సెకనులో సగం కూడా కాదు. అయినా అది తక్కువేమీ కాదు. తెర మీద దీపం వెలగగానే బటన్ నొక్కమంటే సాధారణంగా ఎవరైనా 200 నుంచి 250 మిల్లీసెకన్లలో నొక్కేస్తారు. పోరులో ఉన్నవాడి దృష్టి వేరే పని మీద ఉంటుంది, చూసింది ఏమిటో గుర్తుపట్టి ఏం చేయాలో ఎంచుకోవాలి కూడా, అందుకని 300 దాటొచ్చు. అయినా ఇంకా వంద పైచిలుకు మిగలాలి కదా.

ఆ మిగులు ఎక్కడికి పోతుందన్నదే అసలు సంగతి. ఇంట్లో పెద్ద టీవీ ముందు కూర్చుని ఆడే కుర్రాడు ఈ దెబ్బను పది సార్లకు ఎనిమిది సార్లు తింటాడు, తన చేతులు చురుగ్గా లేవనుకుంటాడు. నెలల తరబడి సాధన చేస్తాడు. చాలాసార్లు తప్పు చేతులది కాదు.

క్రికెట్ మ్యాచ్ రోజు పక్కింటివాళ్లు 'అవుట్' అని అరిచాక మన టీవీలో బౌలర్ ఇంకా పరుగెత్తుతూ కనిపించడం చాలామందికి అనుభవమే. జరిగింది ఒకే క్షణంలో, రెండిళ్లకు చేరింది వేర్వేరు క్షణాల్లో. గేమింగ్‌లోనూ అంతే. పోరు జరిగేది కన్సోల్ లేదా కంప్యూటర్ లోపల. తెర మీద కనిపించేది కాసేపటి క్రితం జరిగిపోయినది. నొక్కిన బటన్ లోపలికి చేరడానికీ కొంత సమయం పడుతుంది. వేలు బటన్ మీద పడిన క్షణం నుంచి దాని ఫలితం తెర మీద కనిపించే దాకా పట్టే మొత్తం సమయాన్ని ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు.

ఇందులో మూడు వాటాలున్నాయి. కంట్రోలర్ నొక్కుడును పసిగట్టి పంపడం మొదటిది. ఆట దాన్ని చదివి, లెక్కకట్టి, కొత్త బొమ్మ గీయడం రెండోది. ఆ బొమ్మను టీవీ వెలిగించడం మూడోది. ప్రత్యర్థి దెబ్బ మొదలైనప్పుడు ఆ బొమ్మ తెర దాకా రావడానికి పట్టిన సమయం, జవాబుగా నొక్కిన బటన్ లోపలికి పోవడానికి పట్టిన సమయం, రెండూ ఆటగాడి 433లోంచే కోతపడతాయి. కంట్రోలర్, ఆట కలిసి 60 మిల్లీసెకన్లు తిన్నాయనుకుందాం. మిగిలేది 373. మంచి మానిటర్ ఇంకో 10 తింటే 363. ఇది ఒక మోస్తరు ఆటగాడికి కూడా చాలు. అదే టీవీ సినిమా మోడ్‌లో ఉండి 100 తింటే మిగిలేది 273. దృష్టి వేరే చోట ఉన్న మనిషికి ఆ సమయం చాలదు. రెండు చోట్లా కూర్చున్నది అదే మనిషి, అవే చేతులు.

టీవీ అంత సమయం ఎందుకు తీసుకుంటుంది? చెడ్డ టీవీ అయ్యి కాదు, బొమ్మను బాగు చేయాలని చూస్తుంది కాబట్టి. రంగులు సరిదిద్దడం, గరుకుదనం తీసేయడం, అంచులు పదును పెట్టడం, వీటన్నిటికీ వచ్చిన ఫ్రేమును కాసేపు దగ్గర పెట్టుకోవాలి. అన్నిటికన్నా పెద్ద దొంగ కదలికను నున్నగా చూపించే సదుపాయం. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును ఊహించి గీయాలంటే తర్వాతి ఫ్రేము చేతికి రావాలి. అంటే ఎంత వేగమైన చిప్ పెట్టినా కనీసం ఒక ఫ్రేము ఆగక తప్పదు, నిజానికి అంతకంటే ఎక్కువే ఆగుతుంది. సినిమాకు ఇదేమీ ఇబ్బంది కాదు, శబ్దాన్ని కూడా అంతే ఆపి పంపితే ప్రేక్షకుడికి తేడా తెలియదు. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టగానే ఈ పనులన్నీ చాలావరకు ఆగిపోతాయి. ఇటీవలి టీవీల్లో, కన్సోల్స్‌లో ALLM అనే సదుపాయం ఉంటే కన్సోల్ ఆన్ అయినప్పుడు టీవీ తనంతట తానే గేమ్ మోడ్‌లోకి పోతుంది. లేకపోతే చేత్తో పెట్టాలి, అది కూడా కన్సోల్ తగిలించిన HDMI పోర్టుకే పెట్టాలి. చాలా టీవీల్లో ఒక్కో పోర్టుకు ఒక్కో పిక్చర్ మోడ్ విడిగా గుర్తుంటుంది. పోర్టు మారిస్తే సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

గేమ్ మోడ్ పెట్టినా సున్నా కాదు. తెర పై నుంచి కిందికి వరుస వరుసగా వెలుగుతుంది. 60 హెర్ట్జ్ సిగ్నల్‌లో పై వరుస నుంచి కింది వరుస దాకా రావడానికే దాదాపు 16 మిల్లీసెకన్లు. ఏ ఆలస్యమూ లేని తెర అయినా దాని నడిమధ్యలో కొలిస్తే 8 దాకా చూపిస్తుంది. లియో బోడ్నార్ అనే ఆయన తయారుచేసిన కొలత పరికరం తెర పైన, నడుమ, కింద మూడు తెల్ల పట్టీలు వెలిగించేది ఇందుకే. అమ్మకపు పెట్టె మీద '1 మిల్లీసెకను' అని ఉంటే, అది సాధారణంగా పిక్సెల్ రంగు మారే వేగం, ఇన్‌పుట్ ల్యాగ్ కాదు. ఈ రెంటినీ ఒకటనుకుని కొనేవాళ్లు ఎక్కువ.

పాత డబ్బా టీవీలకు ఈ బాధే లేదు. వాటిలో ఫ్రేమును దాచుకునే చోటే ఉండదు, సిగ్నల్ వచ్చింది వచ్చినట్టు ఎలక్ట్రాన్ గన్ గీసేస్తుంది. 2001లో వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలే ఆడేవాళ్లు ఇప్పటికీ పోటీలకు ఆ బరువైన టీవీలు మోసుకొస్తారంటే పాత జ్ఞాపకాల మీద మమకారంతో కాదు, వాళ్ల చేతులు ఆ సమయానికి అలవాటు పడ్డాయి కాబట్టి.

ఇక్కడ అందరికీ వచ్చే సందేహం: అలాగైతే 240 హెర్ట్జ్ మానిటర్, దానికి తగ్గ ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొంటే సరిపోతుందిగా? కాల్పుల ఆటల్లో సరిపోతుంది. అక్కడ ఎన్ని ఫ్రేములు గీస్తే అన్నిసార్లు తాజా దృశ్యం. ఫైటింగ్ గేమ్ అలా కాదు. దానికి ఫ్రేము అంటే బొమ్మ మాత్రమే కాదు, కాలానికి కొలత కూడా. ఈ దెబ్బకు నాలుగు ఫ్రేములు, కాచుకుంటే వెనక్కి తేరుకోవడానికి మూడు ఫ్రేములు అని ప్రతి ఎత్తుగడా ఫ్రేముల్లోనే రాసి ఉంటుంది. అందుకే పోరు 60 దగ్గరే కట్టేసి ఉంటుంది. సెకనుకు 240 ఫ్రేములు గీయగల కార్డు పెట్టినా ఆట 60 సార్లే ఆలోచిస్తుంది.

అయినా వేగమైన తెరకు ఒక పాటి ఉపయోగం ఉంది. 120 హెర్ట్జ్‌లో అదే ఫ్రేము పై నుంచి కిందికి సగం సమయంలో చేరుతుంది. స్ట్రీట్ ఫైటర్ 6లో Input Delay Reduction అనే సెట్టింగు కూడా ఈ బాపతుదే, పోరు 60 ఫ్రేముల్లోనే నడుస్తుంది గానీ జవాబు కాస్త ముందు వస్తుంది. అందినంత మేర మంచిదే. కానీ ఈ కొద్ది మిల్లీసెకన్ల కోసం వేలు ఖర్చుపెట్టేముందు టీవీ గేమ్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోవడం తెలివైన పని.

వేగం కన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. అది నిలకడ.

2016లో స్ట్రీట్ ఫైటర్ 5 విడుదలైనప్పుడు ప్లేస్టేషన్ 4 మీద దాని ల్యాగ్‌ను కొలిచినవాళ్లకు సుమారు 8 ఫ్రేములు వచ్చింది, అంటే 130 మిల్లీసెకన్లకు పైనే. ఆటగాళ్లు గట్టిగా గొడవ చేశారు, కాప్‌కామ్ తర్వాత కొంత తగ్గించింది. ఆ గొడవ న్యాయమైనదే, ఎందుకంటే చూసి కొట్టే అవకాశాలు తగ్గిపోయి, ఊహించి కొట్టడం పెరిగింది. అయినా ఆ ఆటలోనూ కాంబోలు, అంటే ఒకదాని వెంట ఒకటి అతుక్కునే దెబ్బల వరుసలు, ఆటగాళ్లు కళ్లు మూసుకుని కొట్టేవారు. ల్యాగ్ ఎంతైనా ప్రతిసారీ అంతే ఉంటే చేయి దానికి కుదురుకుంటుంది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇదే ఆటలో స్వర్ణం గెలిచింది దక్షిణ కొరియాకు చెందిన కిమ్ గ్వాన్‌వూ. అప్పటికి ఆయన వయసు 44.

అదే ల్యాగ్ ఒకసారి 50, ఇంకోసారి 70, మరోసారి 55 అయితే చేయి దేనికి కుదురుకోవాలి? ఈ ఊగిసలాటను జిట్టర్ అంటారు. సగటు చూస్తే 58, ఎప్పుడూ 80 ఉండే యంత్రం కన్నా కాగితం మీద ఇదే మెరుగు. ఆడి చూస్తే మాత్రం ఎప్పుడూ 80 ఉండేదే నయమనిపిస్తుంది. ఫైటింగ్ గేమ్‌లో ఇది కాంబో మధ్యలో బయటపడుతుంది. పది రోజులుగా తప్పని వరుస ఒక్కసారిగా ఊడిపోతుంది, తర్వాతి రెండుసార్లు బాగానే వస్తుంది. తప్పు ఒకే వైపు పడదు, కాసేపు తొందరగా, కాసేపు ఆలస్యంగా పడుతుంది. అలా అటూ ఇటూ పడుతుంటే యంత్రాన్ని అనుమానించాలి.

ఊగిసలాట ఎక్కడ పుడుతుంది? ఎక్కువగా కంప్యూటర్లోనే. ఫ్రేము కౌంటర్ 60 చూపిస్తూనే ఉంటుంది, కానీ అది సెకను మొత్తం మీద సగటు. మధ్యలో ఒక ఫ్రేము 33 మిల్లీసెకన్లు ఆగి, తర్వాతవి గబగబా వచ్చేసినా కౌంటర్ పెద్దగా కదలదు. ఆడేవాడి కంటికి మాత్రం చిన్న కుదుపు తెలుస్తుంది. వెనకాల బ్రౌజర్, యాంటీవైరస్, వీడియో రికార్డింగ్ నడుస్తున్నప్పుడు, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉండి కరెంటు ఆదా చేస్తున్నప్పుడు ఇది తరచూ జరుగుతుంది. గ్రాఫిక్స్ నాణ్యత ఒక మెట్టు తగ్గించి, కార్డుకు ఊపిరి మిగిల్చి ఆడితే చాలావరకు పోతుంది. ఫైటింగ్ గేమ్‌కు కావలసిన కార్డు 60 దాకా ఎగబాకేది కాదు, ఎంత గందరగోళంలోనూ 60 నుంచి దిగనిది. కొత్త కార్డు కొనేటప్పుడు సగటు ఫ్రేము రేటు కన్నా కనిష్ఠం ఎంతో చూడాలి.

రెండో చోటు వైర్‌లెస్. కంట్రోలర్ బ్లూటూత్ వాడే పౌనఃపున్యంలోనే ఇంటి వైఫై, ఇయర్‌ఫోన్లు, పక్క ఫ్లాట్ల రూటర్లు అన్నీ పోటీ పడతాయి. ఒక పాకెట్ పోతే మళ్లీ పంపాలి, ఆ నొక్కుడు ఆలస్యమవుతుంది. ఒక్కడే ఉన్న గదిలో ఇది అరుదు. ఇరవై మంది కంట్రోలర్లతో కూర్చునే పోటీ హాల్లో మాత్రం మామూలు. అందుకే పోటీల్లో తీగ వాడతారు. తీగ గుచ్చినంత మాత్రాన సరిపోతుందనుకోకూడదు, ప్లేస్టేషన్‌లో అది ఛార్జింగ్‌కే వాడుకుని మాట మాత్రం బ్లూటూత్‌లో పంపుతూ ఉండొచ్చు. సెట్టింగుల్లో Communication Method దగ్గర Use USB Cable ఎంచుకోవాలి.

కంట్రోలర్ ఎన్నిసార్లు పలుకుతుందన్న దాని మీద మార్కెట్లో చాలా ప్రచారం ఉంది. 125 హెర్ట్జ్ అంటే 8 మిల్లీసెకన్లకోసారి, 1000 హెర్ట్జ్ అంటే మిల్లీసెకనుకోసారి. రెండోది మంచిదే, ఖరీదైనదీ కాదు. 2021లో 4 డాలర్లకు వచ్చిన రాస్ప్‌బెరీ పై పికో అనే చిన్న బోర్డులోకి GP2040-CE అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఆర్కేడ్ బటన్లు అతికించి, వెయ్యి హెర్ట్జ్ కంట్రోలర్ ఇంట్లోనే చేసుకుంటున్నారు. కానీ 8 మిల్లీసెకన్ల పోలింగ్ వల్ల వచ్చే ఊగిసలాట మనిషి వేళ్ల ఊగిసలాట కన్నా చాలా తక్కువ. కుదుపుల ఫ్రేములు, తెగిపోయే బ్లూటూత్ సరిచేయకుండా దీని మీద పడితే ఆటలో పెద్ద తేడా కనిపించదు.

రిథమ్ గేమ్స్ దగ్గరికి వస్తే ఈ కథ ఇంకో మలుపు తిరుగుతుంది.

ఫైటింగ్ గేమ్‌లో ప్రత్యర్థి ఎప్పుడు కొడతాడో ఎవరికీ తెలియదు. రిథమ్ గేమ్‌లో పాట ముందే రాసి ఉంటుంది. ఏ నోటు ఎన్నో మిల్లీసెకనులో కొట్టాలో ఆటకు తెలుసు. కాబట్టి ఎప్పుడూ ఒకేలా ఉండే ల్యాగ్‌ను లెక్కలోంచి తీసేయొచ్చు. తెర 40 మిల్లీసెకన్లు ఆలస్యమైతే బొమ్మను 40 ముందే పంపితే సరి. దీన్నే కాలిబ్రేషన్ అంటారు, సెట్టింగుల్లో ఆఫ్‌సెట్ పేరుతో ఉంటుంది. 2008లో హార్మోనిక్స్ తెచ్చిన రాక్ బ్యాండ్ 2 గిటార్‌లో ఒక చిన్న కాంతి సెన్సార్, ఒక మైక్ పెట్టారు. గిటార్‌ను టీవీ ముందు పెడితే తెర మీద మెరుపును సెన్సార్ చూస్తుంది, స్పీకర్లోంచి వచ్చే శబ్దాన్ని మైక్ వింటుంది. తెర ఎంత ఆలస్యమో, శబ్దం ఎంత ఆలస్యమో విడివిడిగా కొలిచి ఆట తనే సర్దుకుంటుంది. తెరకూ శబ్దానికీ వేర్వేరు ల్యాగ్ ఉంటుందన్న సంగతిని వాళ్లు ఎంత శ్రద్ధగా పట్టించుకున్నారో దీన్ని బట్టి తెలుస్తుంది.

కొనామీ సంస్థ 1999 నుంచి నడుపుతున్న బీట్‌మానియా 2డీఎక్స్‌లో అత్యుత్తమ గుర్తు పడాలంటే నోటుకు అటూ ఇటూ 16.7 మిల్లీసెకన్ల లోపల కొట్టాలి. అంటే అటొక ఫ్రేము, ఇటొక ఫ్రేము. ఇంత సన్నని సందులో నిలకడ విలువ ఏమిటో ఒక లెక్క వేసి చూడొచ్చు.

బాగా సాధన చేసిన ఒక ఆటగాడి వేళ్లు సరైన క్షణానికి అటూ ఇటూ సగటున 8 మిల్లీసెకన్ల చెదురుతో పడుతున్నాయనుకుందాం, గణితంలో ప్రామాణిక విచలనం అనేది అదే. యంత్రం తప్పేమీ లేకపోతే వెయ్యి నోట్లలో సుమారు 960 ఆ సందులో పడతాయి. ఇప్పుడు తెర 12 మిల్లీసెకన్లు ఆలస్యమైంది, ఎప్పుడూ కచ్చితంగా 12. కాలిబ్రేషన్ చేయకుండా ఆడితే వేళ్లన్నీ ఆలస్యం వైపు జరిగి, సుమారు 720 మాత్రమే సందులో పడతాయి. దెబ్బ గట్టిగానే తగిలింది. కానీ ఆఫ్‌సెట్ 12కి మార్చగానే మళ్లీ 960. ఒక్క సెట్టింగుతో పోయింది.

ఇప్పుడు అదే 12ను ఊగిసలాటగా తీసుకుందాం. సగటున ఆలస్యం ఏమీ లేదు, కానీ యంత్రం తన వంతుగా ఇంకో 12 మిల్లీసెకన్ల చెదురు కలిపింది. వేళ్ల 8, యంత్రం 12 కలిసి మొత్తం చెదురు 14కు పైగా అవుతుంది. సందులో పడేవి సుమారు 750. ఈసారి ఆఫ్‌సెట్‌ను ఎటు తిప్పినా లాభం లేదు, అటు తిప్పితే ఇటువి పోతాయి. ఎంత సాధన చేసి వేళ్ల చెదురును సగానికి తగ్గించుకున్నా యంత్రం 12 అలాగే ఉంటుంది. అక్షరాలా అదే అంకె, ఒకటి సెట్టింగుతో పోతుంది, ఇంకొకటి యంత్రం మారిస్తే గానీ పోదు.

ఈ చెదురు చాలాసార్లు ఆట నిర్మాణంలోంచే వస్తుంది. కొన్ని ఆటలు బటన్‌ను ఫ్రేము గీసేటప్పుడే చదువుతాయి. ఫోన్ 60 ఫ్రేములు ఇస్తే నొక్కుడు 0 నుంచి 16.7 మిల్లీసెకన్ల దాకా ఎంతైనా వేచి ఉండొచ్చు, చెదురు 5 దాకా వస్తుంది. ఫోన్ వేడెక్కి 30కి పడిపోతే వేచి ఉండే సమయం 33 దాకా పోతుంది, చెదురు 10కి దగ్గరవుతుంది. ఇక్కడ మాత్రం ఎక్కువ ఫ్రేమ్ రేటుకు విలువ ఉంది, బొమ్మ అందం కోసం కాదు, చదివే సందు సన్నబడుతుంది కాబట్టి. నొక్కిన క్షణాన్ని విడిగా నమోదు చేసుకునే ఆటల్లో ఈ తేడా ఉండదు. 2019లో వచ్చిన బీట్‌మానియా లైట్నింగ్ మోడల్ యంత్రంలో 120 హెర్ట్జ్ తెర పెట్టారు. ఆర్కేడ్ యంత్రానికి ఇంకో బలం ఉంది. తెర, బటన్లు, స్పీకర్లు అన్నీ ఒకే పెట్టెలో ఒకే తీరులో ఉంటాయి. ఇంట్లో టీవీ ఒకరిది, హెడ్‌సెట్ ఒకరిది, కంట్రోలర్ ఇంకొకరిది.

శబ్దం దగ్గర ఫోన్ మీద ఆడేవాళ్లకు ఎదురయ్యే పెద్ద గండం బ్లూటూత్ ఇయర్‌బడ్స్. మామూలు ఎస్‌బీసీ పద్ధతిలో శబ్దం చెవికి చేరడానికి 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. నిమిషానికి 120 తాళాల పాటలో ఒక తాళానికి 500 మిల్లీసెకన్లు, అంటే దాదాపు సగం తాళం ఆలస్యం. పాట వినడానికి ఏ ఇబ్బందీ లేదు, ఆడటానికి ఘోరం. ఆఫ్‌సెట్‌తో పాటను ముందుకు జరిపితే కొంత నయమవుతుంది. రెండు చోట్ల మాత్రం ఆ మందు పనిచేయదు. ఇయర్‌బడ్స్ తెగి మళ్లీ కలిసినప్పుడు ల్యాగ్ వేరే అంకె దగ్గర నిలబడొచ్చు, అప్పుడు మళ్లీ మొదటి నుంచి సర్దుకోవాలి. నొక్కగానే ఆ నోటు శబ్దం వినిపించే ఆటల్లో అయితే అసలు దారే లేదు. పాట ముందే తెలుసు కాబట్టి దాన్ని ముందుకు జరపొచ్చు, వేలు ఎప్పుడు పడుతుందో ఆటకు తెలియదు కాబట్టి దాని శబ్దాన్ని ముందే పంపలేదు. ఇక్కడ రిథమ్ గేమ్ కూడా ఫైటింగ్ గేమ్ లాగే అయిపోతుంది. వందల రూపాయల తీగ ఇయర్‌ఫోన్ ఈ పనిలో వేల రూపాయల ఇయర్‌బడ్స్‌ను గెలుస్తుంది.

స్పీకర్ అయితే గాలిలో శబ్దం మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. హాలు ఆ చివర సౌండ్‌బార్, ఈ చివర సోఫా ఉంటే దూరం వల్లే 10 దాకా వస్తుంది. కుర్చీ కదలకపోతే ఇది కూడా నిలకడైన ల్యాగే, ఆఫ్‌సెట్‌లో కలిసిపోతుంది.

2007లో డీన్ హెర్బర్ట్ మొదలుపెట్టిన ఓసు! అనే ఉచిత ఆటలో ప్రతి పాట ముగిశాక రెండు అంకెలు చూడొచ్చు. సగటున ఎంత ముందు లేదా వెనక కొట్టారన్నది ఒకటి. రెండోది అన్‌స్టేబుల్ రేట్, అంటే మిల్లీసెకన్లలో ఉన్న చెదురుకు పదిరెట్లు. సగటు 15 ఆలస్యం, అన్‌స్టేబుల్ రేట్ 85 అనుకుందాం. చెదురు 8.5 మాత్రమే, వేళ్లు బాగున్నాయి, ఆఫ్‌సెట్ మారిస్తే చాలు. సగటు 1, అన్‌స్టేబుల్ రేట్ 160 వస్తే ఆఫ్‌సెట్ ముట్టుకోకూడదు. అదే పాటను ఇంకో కంప్యూటర్ మీదో, తీగ కీబోర్డు మీదో ఆడి చూడాలి. అక్కడ 100కి పడితే తప్పు యంత్రంది. అక్కడా 160 అయితే సాధన చేయాల్సింది వేళ్లతోనే.

ఫైటింగ్ గేమ్ ఇలాంటి అంకెలేమీ చూపించదు. దానికి సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ కెమెరా చాలు. కంట్రోలర్‌ను తెర కింది భాగానికి ఆనించి, బటనూ పాత్రా రెండూ ఒకే ఫ్రేములో పడేలా ఫోన్‌ను స్టాండుకు బిగించాలి. ట్రైనింగ్ మోడ్‌లో పాత్ర కదలకుండా ఉన్నప్పుడు లైట్ పంచ్ బటన్‌ను గట్టిగా, ఒకే ఊపులో కొట్టాలి. దూకే బటన్ వద్దు, దూకేముందు పాత్ర కొన్ని ఫ్రేములు ఒళ్లు ముడుచుకుంటుంది, అది కొలతలో కలిసిపోతుంది. వీడియోను నెమ్మదిగా జరుపుతూ, బటన్ అడుగుకు తాకిన ఫ్రేము నుంచి పాత్ర భుజం మొదటిసారి కదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టాలి. ఒక్కో ఫ్రేము 4.2 మిల్లీసెకన్లు. కొన్ని ఫోన్లు 960 అని చెప్పుకునేదాంట్లో మధ్య ఫ్రేములు కల్పించినవి ఉంటాయి, దాన్ని వాడకూడదు.

ఒక్కసారి కొలిస్తే ఏమీ తెలియదు, కనీసం ఇరవై సార్లు నొక్కాలి. లెక్కలు 17, 19, 18, 21, 20 అలా 17కీ 21కీ మధ్యే పడుతున్నాయంటే 71 నుంచి 88 మిల్లీసెకన్లు. ఆ 17 మిల్లీసెకన్ల తేడా సహజమైనదే, నొక్కుడు ఆట ఫ్రేములో ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి వస్తుంది. అంతకు మించి, మధ్య మధ్య 26, 30 కనిపిస్తే ఎక్కడో ఊగిసలాట ఉన్నట్టే. అప్పుడు ఒక్కోసారి ఒక్కటే మార్చి మళ్లీ ఇరవై నొక్కులు తీయాలి. మొదట టీవీ గేమ్ మోడ్, తర్వాత తీగ, తర్వాత వెనకాల నడిచే ప్రోగ్రాములు మూసేయడం. అన్నీ కలిపి మారిస్తే ఏది నయం చేసిందో తెలియదు. మొత్తం లెక్కలన్నీ ఒకే మోతాదులో తగ్గితే తగ్గింది తెర వాటా. పెద్ద అంకెలు మాత్రమే మాయమై చిన్నవి అలాగే ఉంటే పోయింది జిట్టర్.

కొత్త టీవీ కొనడానికి దుకాణానికి వెళ్లేవారు అక్కడ చూసే బొమ్మతో ఏమీ తేల్చుకోలేరు, అవి తళుకు కోసం అన్ని మెరుగులూ ఆన్ చేసి పెట్టినవి. గేమ్ మోడ్ పెట్టించి, వీలైతే సొంత కన్సోల్ తగిలించి, ఫోన్‌తో అక్కడే ఓ పది నొక్కులు తీయడానికి ఒప్పుకునే దుకాణం దొరికితే అదే మంచిది. లేదంటే ఆ మోడల్‌కు 60 హెర్ట్జ్ దగ్గర, గేమ్ మోడ్‌లో కొలిచిన ల్యాగ్ ఎంతో సమీక్షల్లో చూసుకోవాలి. 120 హెర్ట్జ్ దగ్గర కొలిచిన అంకె 60 దగ్గరి అంకె కన్నా తక్కువే ఉంటుంది. టీవీకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక పిక్చర్ సెట్టింగులు తిరిగి మొదటికి పోతాయి ఒక్కోసారి, కాబట్టి అప్‌డేట్ అయిన రోజున గేమ్ మోడ్‌ను మళ్లీ ఓసారి చూసుకోవాలి.